నీళ్ళ గురించి కమిటీకి రాసిన ఉత్తరం: నా అనుభవం

మేం అద్దెకుంటున్నది ఐదో అంతస్తులో. మా పైన ఇంకెవరి ఇల్లూ లేదు, డాబా మీద ట్యాంకు మాత్రమే ఉంది. అయినా ఉదయం ఏడు దాటిందంటే మా కుళాయిలో ముందు బుస్సుమని గాలి, ఆ వెనక సన్నటి ధార, కాసేపటికి అదీ ఉండదు. తొమ్మిది దాటాక ఏమీ జరగనట్టు మళ్ళీ వచ్చేస్తుంది. అంటే స్నానాలు, గిన్నెలు, పిల్లల హడావిడి అన్నీ ఉండే రెండు గంటలే కరెక్టుగా నీళ్ళుండవు.

గ్రూపులో ఎన్నోసార్లు మెసేజ్ పెట్టాను. ఎవరో ఒకరు దండం బొమ్మ పెడతారు, ఇంకెవరో “మాకు బాగానే వస్తున్నాయండీ” అంటారు, అంతలో ఎవరి పుట్టినరోజో వస్తుంది, నా మెసేజ్ పైకి వెళ్ళిపోతుంది. సెక్రటరీ గారిని లిఫ్ట్ దగ్గర అడిగితే, “రాతపూర్వకంగా ఇవ్వండమ్మా, కమిటీలో పెడతాను. అయినా మీ ఓనర్‌తో చెప్పిస్తే బాగుంటుంది” అన్నారు. సరే, రాతపూర్వకంగానే ఇద్దామని ఒక రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసేశాను. కోపమంతా అందులో ఉంది.

మర్నాడు మా వదిన వచ్చింది. మా ఆయన అక్క. ఉద్యోగమంతా ఆఫీసు ఉత్తరాలు రాయడంలోనే గడిచిన మనిషి, రిటైరైనా చేతిలో పెన్సిల్ వదల్లేదు. నా రెండు పేజీలూ చదివి, “బాగా తిట్టావు. ఇది చదివాక వాళ్ళు ఏం చెయ్యాలి?” అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. “నీళ్ళు ఇవ్వాలి” అన్నాను. “అది వాళ్ళకీ తెలుసు. రేపు పొద్దున ఎవరు, ఏ పని చెయ్యాలో ఇందులో ఎక్కడుంది?” అంది.

నా ఉత్తరంలో ఒక వాక్యం ఇలా ఉంది: “వారంలో సగం రోజులు నీళ్ళుండవు, పిల్లలు స్కూలుకి ఎలా వెళ్ళాలి, మేమేమైనా ఊరికే ఉంటున్నామా, మెయింటెనెన్స్ కట్టడం లేదా, కమిటీ నిద్రపోతోందా?” వదిన దాన్ని పెన్సిల్‌తో ఐదు ముక్కలు చేసింది. “వారంలో సగం రోజులు” అనేది వాస్తవం, కానీ లెక్క లేదు. కాబట్టి తేదీలతో పట్టికలోకి వెళ్ళాలి. పిల్లల స్కూలు సంగతి ఇబ్బంది. దానికి ఒక పేరా, అందులో రెండే వాక్యాలు. “ఊరికే ఉంటున్నామా” అన్నదీ, మెయింటెనెన్స్ అన్నదీ నిజానికి ఒకటే మాట, బకాయి లేదని చెప్పడం. రసీదులు జతచేస్తే సరిపోతుంది. ఇక “నిద్రపోతోందా” అన్నదాన్ని ఏ పేరాలోనూ పెట్టలేం, కొట్టేసింది. “ఈ ఒక్క మాట ఉంటే చాలు, మీటింగ్‌లో అందరూ దీని గురించే మాట్లాడతారు. నీళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండదు” అంది. మా కమిటీ మీటింగుల గురించి నేను విన్నదాన్ని బట్టి చూస్తే ఆ మాట నిజమే.

అప్పుడే ఉత్తరం ఇవ్వనివ్వలేదు. ముందు పట్టిక రాయమంది. మూడు వారాలు రోజూ రాశాను: ధార ఎప్పుడు సన్నబడింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు తిరిగి వచ్చింది. పక్కన ఇంకో గడి, బకెట్ నిండే సమయం. మా పది లీటర్ల బకెట్ మామూలుగా నిమిషంలోపు నిండుతుంది. ధార సన్నబడ్డ రోజు ఫోన్‌లో టైమ్ చూస్తే నాలుగు నిమిషాలు దాటింది. “నీళ్ళు సరిగ్గా రావట్లేదు” అంటే ఎవరైనా వాదిస్తారు. నిమిషానికి పది లీటర్లు రావాల్సిన చోట రెండున్నర కూడా రావట్లేదంటే వాదించాలన్నా ముందు వాళ్ళూ ఒక బకెట్ పట్టుకోవాలి.

నీళ్ళు బాగా వచ్చిన రోజులు కూడా రాయమని వదిన పట్టుబట్టింది. తిన్నగా నిండిన రోజులు వదిలేసి ఆగిన రోజులే చూపిస్తే, కమిటీలో ఒకరు “మొన్న ఆదివారం వచ్చాయిగా” అంటే పట్టికంతా అబద్ధంలా కనపడుతుందట. అసలు సంగతి బయటపడింది అక్కడే. ఆగిన రోజులన్నీ పనిరోజులు. ఆదివారాల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. అదే సమయంలో మొదటి అంతస్తులో ఉండే స్నేహితురాలికి ఫోన్ చేస్తే, వాళ్ళకి ఫుల్‌గా వస్తున్నాయి. బిల్డింగ్‌లో నీళ్ళే లేకపోతే అందరికీ ఆగాలి, ఆదివారం కూడా ఆగాలి. కాబట్టి నీళ్ళున్నాయి, మా దాకా రావట్లేదు.

ఎందుకు రావట్లేదో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. కుళాయి దగ్గర ఒత్తిడి, పైన ట్యాంకులో నీటిమట్టం ఎంత ఎత్తున ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. సుమారుగా పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి. కింది అంతస్తుకి ఆ ఎత్తు బోలెడంత ఉంటుంది. మా కుళాయికీ ట్యాంకుకీ మధ్య ఉన్నది మూడు, నాలుగు మీటర్లే. పైగా ఒకే పైపు అన్ని అంతస్తులకీ దిగుతుంది. ఏడింటికి కింద అన్ని ఇళ్ళూ ఒకేసారి కుళాయిలు తిప్పితే పైపులో నీళ్ళు కిందికే పరుగెడతాయి, పైన ఉన్న మాకు మిగిలే కాస్త ఒత్తిడీ పోతుంది. గాలి బుస్సుమనేది అందుకే. దానికి తోడు ఆ వేళకి ట్యాంకు సగమే ఉంటే చెప్పక్కర్లేదు. ఆదివారం ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్ళు లేస్తారు కాబట్టి వాడకం విడివిడిగా జరుగుతుంది, మాకూ వస్తాయి.

ఇది తెలిశాక ఉత్తరంలో అడగాల్సిందే మారిపోయింది. నా మొదటి రెండు పేజీల్లో నేను గట్టిగా అడిగింది అదనంగా ట్యాంకర్ తెప్పించమని. ట్యాంకర్ నీళ్ళు పోసేది కింద సంపులో. సంపులో ఎన్ని పోసినా ఆరు, ఏడు మధ్య డాబా మీద ట్యాంకు నిండకపోతే మా కుళాయికి ఒరిగేదేం లేదు. అడగాల్సింది మోటార్ టైమింగ్ గురించి, పైపుల గురించి.

మోటార్ సంగతి వాచ్‌మన్‌ని అడిగాను. రాత్రి తొమ్మిదికి ఆపేస్తానని, మళ్ళీ పొద్దున ఎనిమిదిన్నరకే వేస్తానని, మోటార్ చప్పుడుకి నిద్రపట్టట్లేదని కింద ఇంటివాళ్ళు అన్నారని చెప్పాడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను, కారణం దొరికిందని. “వాచ్‌మన్ తెలియజేసిన ప్రకారం” అని ఉత్తరంలో రాయబోతే వదిన పెన్సిల్ అడ్డం పెట్టింది. “అతని ఉద్యోగం పోతే నీకు నీళ్ళొస్తాయా? మోటార్ వేసిన వేళలు రాసే రిజిస్టర్ ఉంటుంది కదా, అది చూపించమని అడుగు. అందులో ఉన్నదే బయటికొస్తుంది, ఎవరి పేరూ రాదు.” ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన సలహా ఇదే.

ఇక ఓనర్ సంగతి. అద్దెకున్నవాళ్ళు సొసైటీలో సభ్యులు కారు, సభ్యత్వం ఓనర్‌ది. ఓనర్‌తో చెప్పించమని సెక్రటరీ గారు చిరాకుగా అన్నా, అందులో తప్పులేదు. మీటింగ్‌లో ప్రశ్న వెయ్యాలన్నా, అజెండాలో చేర్చమని అడగాలన్నా ఓనర్ ద్వారానే వెళ్ళాలి. అందుకని మా ఓనర్ గారికి ఫోన్ చేసి, ఉత్తరం చదివి వినిపించి, “పై విషయంతో ఏకీభవిస్తున్నాను, సభ్యుడిగా దీన్ని నా విజ్ఞప్తిగా కూడా స్వీకరించగలరు” అని నాలుగు లైన్ల లేఖ మీద సంతకం చేయించుకున్నాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఉత్తరంలో తిట్లు ఉంటే ఒప్పుకునేవారు కాదేమో, ఆయనకీ ఆ కమిటీవాళ్ళతో ఎన్నో ఏళ్ళ పరిచయం మరి.

మెయింటెనెన్స్ ఆపేస్తామని రాద్దామని మా ఆయన అన్నారు. అదీ వద్దంది వదిన. డబ్బు ఆపితే బకాయి పడేది ఓనర్ గారి పేరున, అప్పుడు ఆయనే మనకి ఎదురు తిరుగుతారు. కమిటీకి కూడా “ముందు బకాయి కట్టండి” అనే జవాబు రెడీగా దొరుకుతుంది. మనిషికి రోజుకి 50 నుంచి 100 లీటర్ల నీళ్ళు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని నేను ఎక్కడో చదివి మొదట్లో రాసుకున్నాను. అదీ పోయింది. ఐదంతస్తుల బిల్డింగ్ కమిటీ ముందు ప్రపంచాన్ని నిలబెడితే నవ్వుకుంటారు. వాళ్ళు కాదనలేనిది వాళ్ళ సొంత నోటీసు. నోటీసు బోర్డులో సరఫరా వేళలు “ఉదయం 6 నుంచి 10 వరకు” అని వాళ్ళే అతికించారు. దాని ఫోటో జతచేశాం.

చివరికి ఇచ్చిన ఉత్తరం ఇది. పేర్లు, ఫ్లాట్ నంబర్, తేదీలు తీసేశాను.

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

విషయం: ఐదవ అంతస్తులోని మా ఫ్లాట్‌కు ఉదయం వేళల్లో పదేపదే నీటి సరఫరా ఆగిపోవుట – పరిష్కారం కోరుతూ.

సందర్భం: 1. నోటీసు బోర్డులో ప్రకటించిన నీటి సరఫరా వేళలు. 2. ఇదే విషయమై గతంలో మౌఖికంగాను, గ్రూపులోను చేసిన విజ్ఞప్తులు.

అయ్యా,

1. నేను పై ఫ్లాట్‌లో అద్దెకు నివసిస్తున్నాను. ఫ్లాట్ యజమాని గారి సమ్మతి లేఖ జతపరచడమైనది. మెయింటెనెన్స్ ఈ నెల వరకు చెల్లించబడి ఉన్నది. రసీదుల నకళ్ళు జతచేశాను.

2. సందర్భం 1 ప్రకారం ఉదయం 6 నుంచి 10 గంటల వరకు నీటి సరఫరా ఉండవలసి ఉన్నది. గడచిన మూడు వారాల్లో 13 రోజులు, ఉదయం సుమారు 7.15 నుంచి 9.15 వరకు మా ఫ్లాట్‌కు సరఫరా పూర్తిగా ఆగిపోయినది. ఆగుటకు ముందు 10 లీటర్ల బకెట్ నిండుటకు 4 నిమిషాలకు పైగా పట్టినది. మామూలు వేళల్లో ఒక నిమిషం లోపే నిండుచున్నది. రోజువారీ పట్టిక జతపరచడమైనది. సరఫరా సక్రమంగా ఉన్న రోజులను కూడా అందులో చూపాను.

3. అంతరాయం కలిగిన 13 రోజులూ పనిదినములే. ఆదివారాల్లో అంతరాయం లేదు. మేము విచారించిన రోజుల్లో, అదే సమయంలో కింది అంతస్తులో సరఫరా కొనసాగినది. కాబట్టి ఇది మొత్తం నీటి కొరత కాక, రద్దీ వేళల్లో డాబా ట్యాంకులోని నీటిమట్టానికి లేదా పై అంతస్తుకు వచ్చే పైపు లైనుకు సంబంధించిన సమస్య అయి ఉండవచ్చునని భావిస్తున్నాను. తనిఖీ చేసి నిర్ధారించవలసినదిగా మనవి.

4. దీనివలన పాఠశాలకు, ఉద్యోగాలకు వెళ్ళే సమయంలో స్నానపు గదులు, మరుగుదొడ్డి వినియోగించలేకపోతున్నాము. ముందురోజు రాత్రి నిల్వ చేసుకున్న నీరు నలుగురు సభ్యుల అవసరాలకు సరిపోవడం లేదు.

5. కావున ఈ కింది చర్యలు తీసుకోవలసినదిగా కోరుతున్నాను:
(అ) గత నెల రోజుల మోటార్ రిజిస్టర్‌ను, అందులో లేనిచో మోటార్ నడిపే వేళలను తెలియజేయుట;
(ఆ) ఉదయం 6 గంటలకు డాబా ట్యాంకు నిండి ఉండేలా మోటార్ వేళలను సవరించుట;
(ఇ) ట్యాంకు నుంచి దిగే పైపు లైనును, వాల్వులను ప్లంబర్‌తో తనిఖీ చేయించి ఫలితం తెలియజేయుట. తనిఖీ సమయంలో మా ఫ్లాట్‌లోకి ప్రవేశం కల్పించగలము.

6. (అ), (ఆ) అంశాలపై ఏడు రోజుల లోపు, (ఇ) అంశంపై పదిహేను రోజుల లోపు లిఖితపూర్వక సమాధానం ఇవ్వగలరు. సమాధానం అందని పక్షంలో, ఈ విషయాన్ని తదుపరి సర్వసభ్య సమావేశపు అజెండాలో చేర్చవలసినదిగా యజమాని గారి ద్వారా కోరగలము.

ఇట్లు,
భవదీయురాలు

జతపరచినవి: రోజువారీ పట్టిక, నోటీసు బోర్డు ఫోటో, మెయింటెనెన్స్ రసీదుల నకళ్ళు, యజమాని గారి లేఖ.
ప్రతి: అధ్యక్షులు, ఫ్లాట్ యజమాని గారు.

మూడో పేరాలో “అయి ఉండవచ్చునని భావిస్తున్నాను” అన్నచోట నేను “కారణం మోటార్ టైమింగే” అని రాయాలనుకున్నాను. నేను ప్లంబర్‌ని కాదు, డాబా తాళం నా దగ్గర లేదు, ట్యాంకులోకి నేను తొంగి చూడలేదు. గట్టిగా రాసి, తీరా వాల్వ్‌లో లోపం ఉంటే, తప్పు చెప్పిందని మిగతా పేరాలూ పక్కన పెట్టేస్తారు. గట్టిదనం చూపాల్సింది ఆరో పేరాలో, గడువు దగ్గర. “తగిన చర్యలు తీసుకోబడును” లాంటి బెదిరింపు నాకైతే బాగుండేది గానీ, ఆ చర్యలేమిటని అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. అజెండాలో చేర్చమని అడగడం ఓనర్ గారు నిజంగా చెయ్యగలిగిన పని, అది కమిటీకీ తెలుసు.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్ళి సెక్రటరీ గారి చేతికే ఇచ్చాను, రెండో దాని మీద “అందినది” అని రాసి తేదీ వేసి సంతకం చెయ్యమన్నాను. ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు. “మనలో మనకి ఇవన్నీ ఎందుకమ్మా” అన్నారు. “మీరు రాతపూర్వకంగా ఇమ్మన్నారు కదండీ, నా ఫైల్‌కి ఒకటి ఉండాలి” అన్నాను. చేశారు. సాయంత్రం అదే ఉత్తరాన్ని కమిటీ ఈమెయిల్‌కి కూడా పంపాను. గ్రూపులో మాత్రం పెట్టలేదు. పెడితే మళ్ళీ దండం బొమ్మలే.

గడువు లోపలే జవాబొచ్చింది, ఒక పేజీ. మోటార్ రిజిస్టర్ సక్రమంగా రాయడం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు, ఇకనుంచి రాయిస్తామన్నారు. మోటార్‌ని ఉదయం ఐదింటికి వేసేలా మార్చారు. చప్పుడు గురించి అభ్యంతరం ఉన్న కింద ఇంటివాళ్ళతో మాట్లాడి, మోటార్ కింద రబ్బరు ప్యాడ్లు వేయిస్తామని రాశారు. ప్లంబర్ పైకి వెళ్ళి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. మా వైపు దిగే లైన్ మీదున్న గేట్ వాల్వ్ పిడి పూర్తిగా తెరిచిన వైపే తిరిగి ఉంది, కానీ లోపలి బిళ్ళ పిడి నుంచి ఊడి సగానికి దిగిపోయింది. పైకి చూస్తే తెరిచినట్టే ఉంటుంది, నీళ్ళు మాత్రం సగమే వెళ్తాయి. అదే లైన్ మీదున్న ఇళ్ళన్నిటికీ నీళ్ళు తగ్గుతున్నా, కింది వాళ్ళకి ఒత్తిడి ఎక్కువ కాబట్టి తెలియలేదు, అందరికన్నా పైన ఉన్న మాకే దెబ్బ తగిలింది. వాల్వ్ మార్చారు.

ఇప్పుడు ఏడున్నరకి మా బకెట్ నిండడానికి నిమిషంన్నర పడుతోంది. ముందులా ఆగిపోవడం లేదు, అలాగని కింది అంతస్తులంత జోరూ లేదు. పై రెండు అంతస్తులకి విడిగా ప్రెషర్ పంప్ పెడితే తప్ప అది సరికాదని ప్లంబర్ అన్నాడు. పంప్ ఖర్చంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి కాబట్టి అది కమిటీ చేతిలో లేదని జవాబులో రాశారు. మా ఓనర్ గారు దాన్ని సర్వసభ్య సమావేశానికి పంపమని విడిగా ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం ఆయనే రాసుకున్నారు, పట్టిక మాత్రం నన్ను అడిగి తీసుకున్నారు.